ఒక్క ఫొటో, తొమ్మిది ముఖాలు: మనిషి మారకుండా స్టిక్కర్ ప్యాక్ తయారుచేయడానికి ఏ దారి ఎంచుకోవాలి?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉండే మా మేనత్త బడి పంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఇంటి వాట్సాప్ గ్రూపులో పిల్లలందరూ సినిమా హాస్యనటుల స్టిక్కర్లతోనే మాట్లాడుకోవడం చూసి, ఆ నటుల ముఖాల బదులు తన ముఖమే ఉంటే బాగుంటుంది కదా అని ఆవిడే అడిగారు. తొమ్మిది ముఖకవళికలు కావాలనుకున్నాం. తొమ్మిది అనగానే నవరసాలు గుర్తుకొస్తాయి గానీ, ఇంటి గ్రూపులో వీరానికీ బీభత్సానికీ పెద్దగా పని ఉండదు. అందుకని ఆవిడ రోజూ వాడే భావాలనే తీసుకున్నాం: శాంతం, చిరునవ్వు, పగలబడి నవ్వు, ఆశ్చర్యం, కోపం, దిగులు, అనుమానం, విసుగు, నిద్ర. ఆధారంగా ఉన్నది ఒకే ఒక్క ఫొటో. అందులో ఆవిడ నోరు మూసుకుని, కెమెరా వైపు నేరుగా చూస్తున్నారు.

కృత్రిమ మేధ పనిముట్లతో ఈ పని చేయడానికి నేడు మూడు దారులు ఉన్నాయి. తొమ్మిది గడుల బొమ్మను ఒకేసారి గీయించడం మొదటిది. ఆధార చిత్రాన్ని తొమ్మిది సార్లు విడివిడిగా సవరించడం రెండోది. కొత్తగా ఏమీ గీయకుండా, ఉన్న ముఖాన్నే స్లైడర్లతో కదిలించడం మూడోది. నేను మూడింటినీ ఈ ఒక్క ఫొటో మీదే ప్రయత్నించాను.

ముందు దేన్ని కొలవాలి

పోలిక నిలవడం అని మనం ఒకే మాటగా అంటాం గానీ అందులో రెండు వేర్వేరు విషయాలు ఉన్నాయి. ఒకటి ముఖం నిర్మాణం, అంటే కళ్ళ మధ్య దూరం, ముక్కు వెడల్పు, దవడ ఆకారం, నుదుటి ఎత్తు. రెండోది గుర్తులు, అంటే పుట్టుమచ్చ, బొట్టు, ముక్కుపుడక, తెల్లబడిన జుట్టుపాయ, పలువరస. నిర్మాణం చెడితే చూసినవారికి ఆ మనిషి చెల్లెలిలా కనిపిస్తుంది. గుర్తులు చెడితే మనిషి ఆవిడేనని తెలుస్తుంది గానీ ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. ఒక్కో దారి వీటిలో ఒక్కోదాన్ని చెడగొడుతుంది కాబట్టి రెంటినీ విడివిడిగానే చూడాలి.

నిర్మాణాన్ని కంటితో అంచనా వేస్తే మోసపోతాం. భావంతో పాటు కదలని కొలతను పట్టుకోవాలి. కళ్ళ లోపలి మూలల మధ్య దూరం అటువంటిది. నవ్వినా ఏడ్చినా అది దాదాపు మారదు. దాన్ని చెంప ఎముకల దగ్గర ముఖం వెడల్పుతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. మా అత్తయ్య ఆధార చిత్రంలో 96 పిక్సెళ్ళు, 400 పిక్సెళ్ళు వచ్చాయి, అంటే 0.24. ఏ బొమ్మలోనైనా ఈ సంఖ్య దీనికి దగ్గరగా ఉండాలి. నవ్వితే చెంపలు కొంచెం ఉబ్బుతాయి కనుక అది కాస్త తగ్గవచ్చు, పెరగడానికి మాత్రం కారణం లేదు. తల పక్కకు తిరిగిన బొమ్మలకు ఈ కొలత పనికిరాదు. అందుకే తొమ్మిదింటిలోనూ తల నేరుగానే ఉంచాను.

మూడో ప్రమాణం, చిన్న పరిమాణంలో భావం తెలియడం. వాట్సాప్ స్టిక్కర్ 512×512 పిక్సెళ్ళ వెబ్‌పీ ఫైలుగా, కదలనిదైతే 100 కేబీ లోపు ఉండాలి. ఫోను తెరమీద అది బొటనవేలు రెండింతలంత కూడా ఉండదు. ఆ పరిమాణంలో సన్నని చిరునవ్వుకూ శాంతానికీ తేడా కనిపించదు. అందుకని భావాన్ని కాస్త పెంచాలి, పెంచిన కొద్దీ పోలిక జారుతుంది. ఈ పని మొత్తంలో ఉన్న అసలు చిక్కు ఇదే.

ఆధార చిత్రంలో లేనిది ఎక్కడినుంచి వస్తుంది

దారులను పోల్చే ముందు ఆధార చిత్రం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎంపిక చాలావరకు దానిమీదే ఆధారపడుతుంది. నోరు మూసిన ఫొటోలో పళ్ళ గురించి ఒక్క పిక్సెల్ సమాచారం కూడా లేదు. అందులోంచి పళ్ళు కనబడే నవ్వును ఏ పనిముట్టుతో చేయించినా, ఆ పళ్ళు కల్పితాలే. మా అత్తయ్యకు పై వరసలో ఒక పన్ను కొద్దిగా ముందుకు ఉంటుంది. యంత్రం మాత్రం పళ్ళపొడి ప్రకటనలోని పలువరసను తెచ్చి పెట్టింది. చూడగానే ఆవిడ అన్న మాట: "ఏట్రా ఇది? ఈ పళ్ళు ఎవలివిరా?"

కాబట్టి ఫొటో ఇంకా తీయకపోతే, పెదవులు కొద్దిగా విడివడి పై పళ్ళ అంచులు కనిపించే ముఖంతో తీయండి. ఆర్కే బీచ్‌లో సాయంత్రం తీసిన ఫొటోలు అందంగా ఉంటాయి గానీ ఈ పనికి చెడ్డవి: గాలికి ఎగిరిన జుట్టు చుట్టూ నేపథ్యాన్ని కత్తిరించడం నరకం, ముఖం మీద పడిన ఎండ నీడలు తొమ్మిది స్టిక్కర్లలోనూ అక్కడే అతుక్కుపోతాయి. నేను వాడిన ఫొటోను ఉదయం తొమ్మిదింటికి వరండా నీడలో తీశాను. తీసేముందు నుదురు తుడుచుకోమన్నాను. విశాఖ ఉక్కలో నుదుటిమీద మెరిసే చెమటను యంత్రం చర్మం రంగనుకుని తెల్లని మచ్చగా మారుస్తుంది. ఇంకో జాగ్రత్త: సెల్ఫీ కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు బొమ్మను అద్దంలోలా తిప్పి దాచుతాయి. అప్పుడు కుడివైపు ముక్కుపుడక ఎడమవైపుకు వెళ్తుంది, ఆ తప్పు తొమ్మిదింటికీ పాకుతుంది.

మొదటి దారి: తొమ్మిది గడులు ఒకేసారి

చాలామంది మొదట వెళ్ళేది ఈ దారికే. ఫొటో ఇచ్చి, మూడు వరసల్లో మూడేసి ముఖాలు గీయమని అడిగితే ఒక్క నిమిషంలో పని అయిపోతుంది. తొమ్మిది ముఖాలూ ఒకేసారి పుడతాయి కాబట్టి వాటి మధ్య ఐక్యత చక్కగా ఉంటుంది. చీర రంగు, వెలుతురు, గీత శైలి అన్నీ కలుస్తాయి. ఆ ఐక్యతను చూసి పోలిక నిలిచిందని మోసపోవడం తేలిక. ఆ తొమ్మిదిమందీ ఒకరికొకరు పోలి ఉంటారు గానీ, అసలు మనిషిని పోలి ఉండాలన్న నియమం లేదు.

నాకు వచ్చిన గడుల బొమ్మ 1024 పిక్సెళ్ళ చతురస్రం. మూడుతో భాగిస్తే ఒక్కో గడికి 341 పిక్సెళ్ళే దక్కుతాయి. స్టిక్కరుకు కావలసింది 512. ఆ లోటు పూడ్చడానికి బొమ్మను పెద్దదిచేసే పనిముట్టు వాడితే, అది లేని వివరాలను తానే ఊహించి నింపుతుంది. అంటే ముఖం రెండోసారి కల్పనకు గురవుతుంది. అత్తయ్య బుగ్గమీది పుట్టుమచ్చ గడిలో రెండు మూడు పిక్సెళ్ళ చుక్కగా మిగిలింది. పెద్దది చేశాక నాలుగు ముఖాల్లో మాయమైంది.

నిర్మాణం సంగతి చూద్దాం. పగలబడి నవ్వే గడిలో కళ్ళ లోపలి మూలల దూరం 33, ముఖం వెడల్పు 125, అంటే 0.264. కోపం గడిలో 32, 126, అంటే 0.254. నవ్వినప్పుడు తగ్గాల్సిన సంఖ్య ఆధార చిత్రం కన్నా పదోవంతు పెరిగింది. ముఖం సన్నబడిందన్నమాట. కంటికి అది వయసు తగ్గినట్టు కనబడుతుంది. చుట్టాలు చూసి "భలే ఉన్నారే" అంటారు, అది ఎవరన్నది మాత్రం చెప్పలేరు.

ఈ దారిని పూర్తిగా కొట్టిపారేయను. 2048 పిక్సెళ్ళ బొమ్మ ఇచ్చే సేవ మీకు అందుబాటులో ఉంటే గడికి 682 పిక్సెళ్ళు వస్తాయి, పెద్దది చేయాల్సిన పని ఉండదు. మీకు కావలసింది ఫొటోలాంటి ముఖం కాకుండా బొమ్మల పుస్తకంలోని పాత్రలాంటిదైతే కూడా ఇది సరిపోతుంది. గడులను విడదీయడానికి ఇమేజ్‌మ్యాజిక్ అనే పనిముట్టులో ఈ ఒక్క ఆదేశం చాలు:

```
magick grid.png -crop 3x3@ +repage cell_%d.png
```

రెండో దారి: విడివిడిగా తొమ్మిది సవరణలు

మాటలతో ఆదేశం ఇస్తే ఉన్న బొమ్మను సవరించే నమూనాలు 2025లో సామాన్యుల చేతికి వచ్చాయి. ఫ్లక్స్ కాంటెక్స్ట్, జెమిని 2.5 ఫ్లాష్ ఇమేజ్ ఆ కోవలోనివే. ఇక్కడ ప్రతి ముఖానికీ పూర్తి బొమ్మ వైశాల్యం దక్కుతుంది కనుక పుట్టుమచ్చ, బొట్టు నిలుస్తాయి. అయితే ఫలితం మీరు రాసే ఆదేశం తీరునుబట్టి మారిపోతుంది, ఇందులో నేను రెండు తప్పులు చేశాను.

మొదటిది గొలుసుకట్టు. చిరునవ్వు బొమ్మ బాగా వచ్చిందని దాన్నే ఇచ్చి పగలబడి నవ్వు చేయించాను, దాన్నిచ్చి ఆశ్చర్యం. ప్రతి సవరణలోనూ చిన్న చిన్న తేడాలు చేరతాయి, తర్వాతి సవరణ వాటినే నిజమనుకుని మొదలవుతుంది. ఐదో బొమ్మకు చర్మం మైనంలా నున్నబడింది. ఎన్నోదైనా సరే, ప్రతి సవరణా అసలు ఫొటో నుంచే మొదలవ్వాలి.

రెండోది భావం పేరు చెప్పడం. "కోపంగా ఉన్నట్టు చెయ్యి" అంటే నమూనా తాను నేర్చుకున్న కోపిష్టి ముఖాలన్నిటి సగటు వైపు మొత్తం ముఖాన్ని లాగుతుంది. అత్తయ్య గుండ్రని దవడ పలకగా మారింది. భావం పేరు బదులు కండరాల కదలిక చెబితే మార్పు ఆ చోటికే పరిమితమవుతుంది. ఈ కదలికలకు పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ 1978లో ఒక పద్ధతి ప్రకారం సంఖ్యలు ఇచ్చారు. ఆ పద్ధతిలో ఒక్కో కదలికను ఏయూ అంటారు. విశాఖవాసులు విశ్వవిద్యాలయం అనుకోకండి, అది యాక్షన్ యూనిట్. నాలుగో ఏయూ కనుబొమ్మలను దించి దగ్గరకు లాగడం, పన్నెండోది పెదవుల కొసలను పైకి లాగడం, ఆరోది చెంపలు పైకి లేచి కళ్ళ చుట్టూ ముడతలు పడడం. పన్నెండు ఒక్కటే ఉంటే ఫొటో కోసం నవ్విన నవ్వు, ఆరు కూడా కలిస్తే మనసారా నవ్విన నవ్వు. సంఖ్యలు ఆదేశంలో రాయనక్కరలేదు, కదలికను మామూలు మాటల్లో చెబితే చాలు. కోపానికి నేను చివరకు వాడింది ఇది:

```
Lower the inner eyebrows and draw them together, press the lips tight, mouth closed.
Keep the nose stud on the left side of the image. Keep the mole, bindi, hair, sari,
face width, framing and lighting unchanged.
```

ముక్కుపుడక "ఆమె కుడివైపు" అని రాయకుండా "బొమ్మలో ఎడమవైపు" అని రాయడానికి కారణం ఉంది. ఎవరి కుడి అన్న విషయంలో ఈ నమూనాలు తరచూ తడబడతాయి. ఈ ఆదేశంతో వచ్చిన బొమ్మలో నిష్పత్తి 0.243.

పళ్ళ సమస్య మాత్రం ఇక్కడా తీరలేదు. నాలుగైదు ప్రయత్నాల తర్వాత, సమాధానం యంత్రంలో కాకుండా అత్తయ్య అలవాట్లలో దొరికింది. ఆవిడ పగలబడి నవ్వేటప్పుడు ఎప్పుడూ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఆశ్చర్యపోతే ముక్కున వేలేసుకుంటారు. రెండింటిలోనూ పళ్ళు కనబడవు. కళ్ళు మూసి, చెంపలు పైకెత్తి, చెంగుతో నోరు కప్పిన బొమ్మను చూసి ఇంట్లో అందరూ ఒక్క చూపుతో గుర్తుపట్టారు. ముక్కున వేలు బొమ్మలో ఒక చిక్కు ఎదురైంది: వేలు ముక్కుపుడకను కప్పేస్తోంది. చూపుడువేలు బొమ్మ కుడివైపు నుంచి రావాలని రాశాక సరిపోయింది. వేళ్ళు లెక్కపెట్టుకోవడం మరిచిపోకండి.

మూడో దారి: ఉన్న ముఖాన్నే కదిలించడం

2024లో వచ్చిన లైవ్‌పోర్ట్రెయిట్ ముఖాన్ని కొత్తగా గీయదు. ఉన్న ముఖం వివరాలనే సాగదీసి, జరిపి భావం తెప్పిస్తుంది. ఇలాంటి నమూనాలను సొంత కంప్యూటరులో నడిపే కంఫీయూఐలో దీనికి ఎక్స్‌ప్రెషన్ ఎడిటర్ అనే నోడ్ ఉంది. `blink`, `eyebrow`, `wink`, `smile`, `pupil_x`, నోటి ఆకారాలకు `aaa`, `eee`, `woo` అనే స్లైడర్లు అందులో కనిపిస్తాయి. ఒక మోస్తరు గ్రాఫిక్ కార్డు ఉన్న కంప్యూటరులో ఇంట్లోనే నడుస్తుంది, ఫొటో బయటి సర్వరుకు వెళ్ళదు.

నిర్మాణం, గుర్తులు రెండూ కలిపి చూస్తే పోలికలో దీన్ని మించింది లేదు. నిద్ర బొమ్మకు `blink` ఒక్కటే కదిపాను, నిష్పత్తి 0.24 దగ్గరే నిలిచింది, పుట్టుమచ్చ చెక్కుచెదరలేదు. కానీ దీని బలహీనతా అక్కడినుంచే వస్తుంది. లేనిదాన్ని పుట్టించడం దీనికి అంతగా చేతకాదు. కోపంలో కనుబొమల మధ్య పడే నిలువు ముడతలు సరిగా రావు, కన్నీళ్ళు రావు, చెంగు అసలే రాదు. `aaa` ఎక్కువగా జరిపితే నోటిలోపల పళ్ళు మసకగా, కలిసిపోయినట్టు వస్తాయి. `eyebrow` రెండు కనుబొమలనూ కలిపి కదుపుతుంది కనుక, ఒక్క బొమ ఎత్తి "అలాగా?" అని చూసే అనుమానపు ముఖం దీనితో చేయలేకపోయాను. గీసిన బొమ్మ మరీ సరళంగా ఉంటే అందులో ముఖం ఎక్కడుందో కూడా పట్టుకోలేకపోవచ్చు.

ప్యాక్‌ను అమ్మాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. లైవ్‌పోర్ట్రెయిట్ అసలు కోడ్ వాణిజ్యానికీ అనుమతించే ఎంఐటీ లైసెన్సుతో ఉన్నా, ముఖాన్ని గుర్తించడానికి అది వాడే ఇన్‌సైట్‌ఫేస్ నమూనాలకు వాణిజ్యేతర నిబంధన ఉంది. ఇంట్లో దింపుకుని నడిపే ఫ్లక్స్ కాంటెక్స్ట్ రూపానికీ అటువంటి షరతే ఉంది.

| | తొమ్మిది గడులు | విడి సవరణలు | కదిలించడం |
|---|---|---|---|
| ముఖ నిర్మాణం | జారుతుంది | ఆదేశాన్ని బట్టి | నిలుస్తుంది |
| పుట్టుమచ్చ, బొట్టు | తరచూ పోతాయి | చాలావరకు నిలుస్తాయి | నిలుస్తాయి |
| పెద్ద భావాలు, చేతులు | వస్తాయి | బాగా వస్తాయి | రావు |
| తొమ్మిదింటి ఐక్యత | చాలా బాగుంటుంది | సరిచూసుకోవాలి | బాగుంటుంది |
| ఫొటో బయటికి వెళ్ళడం | సాధారణంగా వెళ్తుంది | సాధారణంగా వెళ్తుంది | వెళ్ళదు |
| నాకు పట్టిన సమయం | పావుగంట | ఒక సాయంత్రం | గంట, అమర్చుకోవడం కాక |

నమూనాకు ఒక మనిషి ముఖాన్ని అదనంగా నేర్పే లోరా శిక్షణ సంగతేమిటని కొందరు అడుగుతారు. దానికి రకరకాల కోణాల్లో పది ఇరవై ఫొటోలు కావాలి. ఒక్క ఫొటోనుంచి పుట్టించిన బొమ్మలతోనే శిక్షణ ఇస్తే వాటిలోని తప్పులే స్థిరపడిపోతాయి. ఒకే ఆధారం ఉన్నవారికి అది దారి కాదు.

ఎవరికి ఏది

ముఖం ఫొటోలా ఉండాలి, చూసేవారు ఆ మనిషిని రోజూ చూసేవారు అయితే, ఏదో ఒక్క దారిని పట్టుకోకండి. ఒక్కో భావాన్నీ "దీనికి కావలసింది నా ఫొటోలో ఉందా?" అని అడిగి పంచండి. మా ప్యాక్‌లో శాంతం ఆధార చిత్రమే. చిరునవ్వు, విసుగు, నిద్ర కదిలించి చేసినవి. పగలబడి నవ్వు, ఆశ్చర్యం, కోపం, దిగులు, అనుమానం సవరణతో చేసినవి. రెండు రకాల బొమ్మల పదునులో తేడా ఉంటుందేమోనని భయపడ్డాను గానీ, అన్నీ 512కు దించాక అది కనబడలేదు. రంగులో మాత్రం కనబడింది: సవరించిన బొమ్మల్లో చర్మం ఒక వన్నె లేతబడింది. చెంపమీద ఒకే చోట రంగు నమూనా తీసి, ఐదింటినీ ఆధార చిత్రానికి తగ్గట్టు ముదురు చేశాను. ఇది వదిలేస్తే గ్రూపులో పక్కపక్కన పడినప్పుడు ఇద్దరు మనుషుల్లా ఉంటారు.

పాత్ర కార్టూన్‌లా ఉండాలనుకునేవారు తొమ్మిదింటినీ విడిగా కార్టూన్లు చేయించవద్దు. ముందు ఆధార చిత్రాన్ని ఒక్కసారి కార్టూన్‌గా మార్చి, ఆ మనిషికి చూపించి ఒప్పించుకుని, అప్పటినుంచి దాన్నే ఆధారంగా పెట్టుకుని రెండో దారిలో వెళ్ళాలి. ఫొటో బయటి సర్వరుకు పంపడం ఇష్టంలేనివారికి, ముఖ్యంగా పిల్లల ముఖాలతో చేసేవారికి, మూడో దారే తేలిక. అప్పుడు భావాల జాబితానే దాని శక్తికి తగ్గట్టు కుదించుకోవాలి. రేపు పుట్టినరోజు, ఈ రాత్రికే కావాలి అనేవారు గడుల దారిలో వెళ్ళి, ముఖం సన్నబడిన గడులను తీసేసి మిగిలినవి వాడుకోవచ్చు. వాట్సాప్ ప్యాక్‌కు మూడు స్టిక్కర్లున్నా చాలు, ముప్పై దాటకూడదు.

నేపథ్యం తీసేశాక బొమ్మ చుట్టూ 8 పిక్సెళ్ళ తెల్లని అంచు వేయండి, అది లేకపోతే చీకటి తెరమీద నల్లజుట్టు కలిసిపోతుంది. ఫైలు పరిమాణాన్ని హద్దులోకి తేవడానికి నేను వాడింది:

```
cwebp -resize 512 512 -size 95000 kopam.png -o kopam.webp
```

ప్యాక్ గుర్తుగా 96×96 పిక్సెళ్ళ బొమ్మ ఒకటి వేరే ఇవ్వాలి. నేను శాంతం పెట్టాను. అత్తయ్య దాన్ని తీయించి, ముక్కున వేలేసుకున్నది పెట్టించారు.